కుక్కర్ గ్యాస్కెట్‌కి కంపెనీ పేరు వద్దు, మిక్సీ జారుకి రాయొచ్చు. తేడా ఎక్కడుందంటే

ప్రశ్న: "బెంగళూరులో ఉంటాను. చిక్‌పేటలో హోల్‌సేల్‌గా కుక్కర్ గ్యాస్కెట్లు, మిక్సీ జార్లు కొని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నా. టైటిల్‌లో పెద్ద కంపెనీ పేరు ఉందని రెండు లిస్టింగ్‌లూ ఒకే వారంలో తీసేశారు. జారు ఫోటో మీద కాపీరైట్ నోటీసు కూడా వచ్చింది. కంపెనీ పేరు రాయకుండా ఏ మిక్సీకి సరిపోతుందో ఎలా చెప్పాలి? సొంత పేరు పెట్టుకుందామంటే దానికీ నోటీసు వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది."

సూటిగా చెప్తానండీ. జారు లిస్టింగ్‌లో కంపెనీ పేరు రాయొచ్చు, కానీ "ఫలానా మోడల్‌కి సరిపోతుంది" అనే మాటలో భాగంగా మాత్రమే. గ్యాస్కెట్ లిస్టింగ్‌లో అసలు రాయకండి, కొలత రాయండి. ఫోటో మీరు తీసింది కాకపోతే ఆ నోటీసు మీద వాదన పెట్టుకోకండి, ఇవాళే తీసేసి సొంత ఫోటో పెట్టండి. సొంత పేరు విషయంలో భయం అక్కర్లేదు. నిజానికి మీ మొదటి సమస్య సగం తీరేది దానితోనే.

నేను చెన్నైలో ట్రేడ్‌మార్క్ ఏజెంట్‌ని, పదకొండేళ్ళుగా ఇదే పని. అంతకుముందు పారీస్ కార్నర్‌లో మా మామయ్య పాత్రల కొట్టులో లెక్కలు చూసేవాణ్ణి. కర్ణాటక, తమిళనాడు, ఆంధ్ర, తెలంగాణ, కేరళ దరఖాస్తులన్నీ గిండీలో ఉన్న చెన్నై ట్రేడ్‌మార్క్ ఆఫీసు కిందకే వస్తాయి. అందుకే బెంగళూరు సెల్లర్ల కేసులు నా దగ్గరికి చాలానే వస్తుంటాయి, వాటిలో మీలాంటివే ఎక్కువ.

ముందు చట్టం అడిగే ప్రశ్న ఏమిటో చూద్దాం. ట్రేడ్‌మార్క్ అంటే ఆ పదం మీద గుత్తాధిపత్యం అని చాలామంది అనుకుంటారు. అలా కాదు. ఈ సరుకు ఎవరి దగ్గర నుంచి వచ్చింది అని కొనేవాళ్ళకి చెప్పే గుర్తు అది. కాబట్టి మీ లిస్టింగ్ చూసిన మనిషి "ఇది ఆ కంపెనీ తయారు చేసిన జారు" అనుకుంటే మీరు తప్పులో ఉన్నట్టు. "ఇది వేరే వాళ్ళ జారు, నా మిక్సీకి పడుతుంది" అనుకుంటే మీరు సరైన చోట ఉన్నట్టు. 1999 నాటి ట్రేడ్‌మార్క్స్ చట్టంలో సెక్షన్ 30(2)(డి) ఈ రెండో సందర్భం కోసమే ఉంది. స్పేర్ పార్టులు, విడి భాగాలు అమ్మేవాళ్ళు అవి దేనికి సరిపోతాయో చెప్పడానికి అవతలి వాళ్ళ పేరు వాడుకోవచ్చని అది చెప్తుంది. అయితే రెండు షరతులున్నాయి. ఆ పేరు వాడటం నిజంగా అవసరమై ఉండాలి. దాన్ని చూసి ఆ కంపెనీకీ మీకూ సంబంధం ఉందని ఎవరూ పొరబడకూడదు.

మీ రెండు లిస్టింగ్‌లూ విడిపోయేది ఆ "అవసరం" అన్న మాట దగ్గరే.

ఢిల్లీ హైకోర్టులో కుక్కర్ గ్యాస్కెట్ల మీదే ఒక కేసు నడిచింది. హాకిన్స్ కుక్కర్ కంపెనీకీ, మురుగన్ ఎంటర్‌ప్రైజెస్ అనే గ్యాస్కెట్ల వ్యాపారికీ మధ్య. ఆ వ్యాపారి తన గ్యాస్కెట్లకి "మయూర్" అనే సొంత పేరే పెట్టుకున్నాడు. ప్యాకెట్ మీద మాత్రం "హాకిన్స్ ప్రెషర్ కుక్కర్లకి సరిపోతుంది" అని ఇంగ్లీషులో వేశాడు. మొదట ఒకే జడ్జి విన్నప్పుడు అతనే నెగ్గాడు. 2012లో అప్పీలులో ఇద్దరు జడ్జీల బెంచి ఆ తీర్పును మార్చేసింది. ఒక కారణం ఏమిటంటే, ఆ గ్యాస్కెట్ అదే సైజు కుక్కర్ ఏదైనా సరే దానికి పడుతుంది, అది ఒక్క కంపెనీ కోసం చేసిన వస్తువు కాదు. అలాంటప్పుడు ఒక్క కంపెనీ పేరే ప్రత్యేకంగా వేయాల్సిన అవసరం ఏముంది అని కోర్టు అడిగింది. రెండో కారణం, మిగతా మాటలు నలుపు రంగులో ఉండి కంపెనీ పేరు ఒక్కటే ఎరుపులో ఉంది. కంటికి ముందు కనపడేది ఆ పేరే.

ఢిల్లీ తీర్పు కర్ణాటక హైకోర్టునో మద్రాసు హైకోర్టునో కట్టిపడేయదు. కానీ ఇలాంటి గొడవ వస్తే కంపెనీ లాయరు మొదట తీసి చూపించేది దాన్నే. గ్యాస్కెట్ల విషయంలో ఆ తర్కాన్ని దాటడం కష్టం కూడా. అందుకే గ్యాస్కెట్లు అమ్మేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే: లోపలి వ్యాసం, బయటి వ్యాసం మిల్లీమీటర్లలో, కుక్కర్ ఎన్ని లీటర్లదో, మూత లోపలికి పోయే రకమో బయట బిగించే రకమో రాయండి. పాత గ్యాస్కెట్‌ని స్కేలు మీద పెట్టి ఎలా కొలవాలో చూపించే ఫోటో ఒకటి పెట్టండి. నా క్లయింట్ ఒకాయన ఇలా మార్చాక తిరిగొచ్చే సరుకు బాగా తగ్గిందని చెప్పాడు. అంతకుముందు కంపెనీ పేరు చూసి కొన్నవాళ్ళకి, అదే కంపెనీలో వేరే సైజు కుక్కర్ ఉండి, గ్యాస్కెట్ పట్టక వెనక్కి పంపేవాళ్ళట.

జారు సంగతి వేరు. మిక్సీ జారు అడుగున ఉండే కప్లర్, జారు కూర్చునే లాక్ గాడులు కంపెనీకొక రకం, చాలాసార్లు ఒకే కంపెనీలో మోడల్‌కొక రకం. కొలత రాస్తే కొనేవాళ్ళకి ఏమీ తెలియదు. మోడల్ పేరు చెప్పకపోతే వాళ్ళు తప్పు జారు కొంటారు, నష్టపోతారు. ఇక్కడ కంపెనీ పేరు, మోడల్ పేరు వాడటం నిజంగా అవసరం. సెక్షన్ 30(2)(డి) మీకు అండగా నిలబడేది ఇలాంటి చోటే.

అయితే ఎలా రాశామన్నది ముఖ్యం. కార్ల విడి భాగాల మీద టొయోటాకీ, ప్రియస్ ఆటో ఇండస్ట్రీస్‌కీ నడిచిన కేసు 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అక్కడ పెద్ద గొడవ "ప్రియస్" అనే పేరు గురించే. కానీ మనకి పనికొచ్చేది అదే కేసులో ఢిల్లీ హైకోర్టు మధ్యలో పెట్టిన షరతులు. ఏ కారుకి సరిపోతుందో చెప్పడానికి టొయోటా, ఇన్నోవా అనే మాటలు వాడుకోవచ్చు, కానీ ఆ కంపెనీ వాడే అక్షరాల తీరులో రాయకూడదు, "జెన్యూన్ యాక్సెసరీస్" అనే మాట తీసేసి సరుకు ఎవరిదో తెలిసేలా రాయాలి అని కోర్టు చెప్పింది. మిక్సీ జారు లిస్టింగ్‌కి నేను ఇదే కొలబద్ద పెట్టుకుంటాను.

మూడేళ్ళ కిందట చెన్నై పక్కనున్న ఆవడి నుంచి ఒక జంట వచ్చారు. మన కడప వాళ్ళే. మీలాగే జార్లు అమ్ముతారు. ఒక లీటరు జారు లిస్టింగ్ తీసేశారని వచ్చారు. ఫోన్‌లో లిస్టింగ్ కాపీ చూపించమన్నాను. టైటిల్ మొదటి మాటే మిక్సీ కంపెనీ పేరు, ఆ తర్వాత "ఒరిజినల్ జార్, ఒక లీటరు". అంతకన్నా పెద్ద తప్పు లోపల ఉంది. లిస్టింగ్ ఫారంలో `Brand` అని ఒక గడి ఉంటుంది కదా, అందులో కూడా అదే కంపెనీ పేరు వేశారు. ఎందుకమ్మా ఇలా పెట్టారు అని అడిగితే, "సెర్చ్‌లో పైకి వస్తుందని ఎవరో చెప్పారండీ, ఆ గడి ఖాళీగా వదలనివ్వలేదు కూడా" అంది ఆవిడ.

ఆ గడిలో రాసిన పేరే మీ సరుకు బ్రాండు పేరు. టైటిల్‌లో ఎంత జాగ్రత్తగా "సరిపోతుంది" అని రాసినా, ఆ గడిలో అవతలి కంపెనీ పేరుంటే "ఇది వాళ్ళ సరుకు" అని మీరే ప్రకటించినట్టు. ఆన్‌లైన్ అమ్మకాల వేదికల్లో ఆటోమేటిక్‌గా వెతికే పద్ధతులు ముందు పట్టుకునేది కూడా దాన్నే. మీ సొంత పేరు లేకపోతే చాలా వేదికల్లో `Generic` అని పెట్టే వీలుంటుంది. అది తాత్కాలికంగా సరిపోతుంది.

వాళ్ళ లిస్టింగ్‌ని మేము ఇలా మార్చాం. బ్రాండ్ గడిలో వాళ్ళ సొంత పేరు. టైటిల్‌లో ముందు వాళ్ళ పేరు, తర్వాత "స్టెయిన్‌లెస్ స్టీల్ మిక్సీ జారు, 1 లీటరు", చివర్లో "ఫలానా కంపెనీ ఫలానా మోడల్‌కి సరిపోతుంది". వివరాల్లో మొదటి వాక్యం: "ఈ జారు మా బ్రాండుది. ఫలానా కంపెనీ తయారు చేసింది కాదు, ఆ కంపెనీకీ మాకూ సంబంధం లేదు." ఆ వాక్యాన్ని అట్టడుగున చిన్నగా పెడదామని ఆయన అన్నాడు. ఒప్పుకోలేదు. కొనేవాళ్ళు చదవని చోట పెట్టిన మాట వల్ల మీకు లాభం ఉండదు. "ఒరిజినల్", "జెన్యూన్", "కంపెనీ ఐటెం" అనే మాటలు మొత్తం తీసేశాం. ఫోటోలో జారుని మిక్సీ మీద కూర్చోబెట్టి చూపించారు, మిక్సీ మీద లోగో స్పష్టంగా కనిపిస్తోంది. మిక్సీని పక్కకి తిప్పి లోగో కనపడకుండా మళ్ళీ తీయమన్నాను. పేరు మాటల్లో రాయడం అవసరం అనొచ్చు, లోగో చూపించడం అవసరం అనలేం.

కనపడకుండా లోపల పెట్టే సెర్చ్ పదాల్లో పది కంపెనీల పేర్లు కుక్కడం కూడా మానేయండి. మీ జారు ఏ మోడళ్ళకి పడుతుందో ఆ పేర్లు తప్ప మిగతావి ఉంటే "సరిపోతుందని చెప్పడానికే వాడాను" అన్న మీ వాదన అక్కడే కూలిపోతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పకపోతే తప్పు చేసినవాణ్ణి అవుతాను. హోల్‌సేల్‌లో కొన్న జారు మీద గానీ, డబ్బా మీద గానీ, మూత లోపల గానీ ఆ పెద్ద కంపెనీ పేరు లేదా లోగో ముద్రించి ఉందేమో ఒకసారి చూడండి. ఉండి, అది ఆ కంపెనీ డీలరు దగ్గర బిల్లుతో కొన్నది కాకపోతే, మీ సమస్య టైటిల్ కాదు. అది నకిలీ సరుకు. నకిలీ గుర్తున్న సరుకు అమ్మితే సెక్షన్ 104 కింద కనీసం ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. "హోల్‌సేల్ వాడు ఇచ్చాడు, నాకు తెలియదు" అనాలంటే అన్ని జాగ్రత్తలూ తీసుకున్నారని, ఎవరి దగ్గర కొన్నారో చెప్పగలరని మీరే చూపించుకోవాలి. జీఎస్టీ బిల్లు లేకుండా ఆ మాట ఎవరూ నమ్మరు. అలాంటి సరుకుంటే అమ్మకం ఇవాళే ఆపేయండి, లిస్టింగ్ సరిదిద్దే ప్రయత్నం చేయకండి.

ఇక ఫోటో. ట్రేడ్‌మార్క్ వేరు, కాపీరైట్ వేరు. రెండు నోటీసులూ ఒకేసారి వచ్చాయి కాబట్టి మీరు కలిపి చూస్తున్నారు. కాపీరైట్‌లో పొరబడటం, పడకపోవడం అనే ప్రశ్న లేదు. ఆ ఫోటో ఎవరు తీశారు, ఎవరికి హక్కుంది అన్నదే ప్రశ్న. రిజిస్టర్ చేయించకపోయినా ఫోటో తీసిన క్షణం నుంచే హక్కు పుడుతుంది. కంపెనీ వెబ్‌సైట్ నుంచో, వేరే సెల్లర్ పేజీ నుంచో, గూగుల్‌లో వెతికో తెచ్చిన ఫోటో అయితే మీ దగ్గర జవాబు లేదు. వాటర్‌మార్క్ చెరిపేసినా, అద్దంలోలా తిప్పేసినా, వెనకాల రంగు మార్చినా అదే ఫోటో. వివరాల్లో రాసిన పేరాలు కాపీ కొట్టినా ఇదే సంగతి. జారు కొలతలు, లీటర్లు, స్టీలు రకం వంటి వాస్తవాల మీద ఎవరికీ కాపీరైట్ ఉండదు, వాటిని మీ మాటల్లో రాసుకోవచ్చు.

హోల్‌సేల్ వ్యాపారి వాట్సాప్‌లో పంపిన ఫోటోలు వాడారా? చాలామంది అక్కడే దెబ్బ తింటారు. ఆయనకీ అవి ఎక్కడి నుంచో వచ్చుంటాయి. ఆయన తీయించినవే అయితే "ఈ ఫోటోలు మావి, మీరు వాడుకోవచ్చు" అని ఒక మెయిల్ అడగండి. ఇవ్వడానికి వెనకాడితే మీకు జవాబు దొరికినట్టే.

సొంతంగా తీయండి. కిటికీ పక్కన తెల్ల చార్ట్ పేపర్ వేసి ఫోన్‌తో తీసినా చాలు. అసలు ఫైళ్ళు చెరపకండి, తీసిన తేదీ వాటిలో ఉంటుంది. ఫోటోగ్రాఫర్‌కి డబ్బిచ్చి తీయిస్తే, వేరే ఒప్పందం లేనంతవరకు, కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం హక్కు తీయించినవాళ్ళదే. అయినా బిల్లు తీసుకోండి. లోగో విషయంలో మాత్రం ఈ సౌకర్యం లేదు. డిజైనర్‌కి డబ్బులిచ్చినంత మాత్రాన లోగో కాపీరైట్ మీకు రాదు, రాతపూర్వకంగా రాసి ఇవ్వాలి. ఆ రాతలో కాలం చెప్పకపోతే చట్టం దాన్ని అయిదేళ్ళకే అనుకుంటుంది. ఏ ప్రాంతానికో చెప్పకపోతే భారతదేశానికి మాత్రమే అనుకుంటుంది. కాబట్టి "కాపీరైట్ ఉన్నంత కాలం, ప్రపంచమంతటా" అని ఒక్క వాక్యం రాయించుకోండి. ఈ వాక్యం లేక ఆరో ఏట డిజైనర్ మళ్ళీ డబ్బులడిగితే, ప్యాకింగ్ మొత్తం మార్చుకున్నవాళ్ళని చూశాను.

సొంత పేరు ఎలా ఎంచుకోవాలి? మీ సరుకు చూస్తే మొదటి ఆలోచన "మిక్సీ స్పేర్స్" లాంటిదే వస్తుంది. వస్తువు ఏమిటో, దాని గుణం ఏమిటో చెప్పే మాటల్ని ట్రేడ్‌మార్క్‌గా ఇవ్వడానికి సెక్షన్ 9 అడ్డం వస్తుంది. తెలుగులోనో కన్నడలోనో రాస్తే తప్పించుకోవచ్చనుకోకండి. "గట్టి", "నాణ్యం" అన్నా అభ్యంతరం అదే. దేవుళ్ళ పేర్లు, పుణ్యగ్రంథాల పేర్లు మనవాళ్ళకి ఇష్టం. కానీ ఆ చోటు కిక్కిరిసి ఉంటుంది, ఎవరో ఒకరు ముందే తీసుకుని ఉంటారు. అగరబత్తుల మీద "రామాయణ్" అనే పేరు రిజిస్టర్ చేయడం కుదరదని 2015లో సుప్రీంకోర్టే చెప్పింది.

ఇంకో అలవాటు మరీ ప్రమాదకరం. పేరున్న కంపెనీ పదంలో ఒక అక్షరం మార్చడం, చివర తోక తగిలించడం. "అమృతధార" అనే మందుకీ "లక్ష్మణధార" అనే మందుకీ పోలిక ఉందా అన్న కేసులో 1962లోనే సుప్రీంకోర్టు ఒక పద్ధతి చెప్పింది. రెండు పేర్లనీ పక్కపక్కన పెట్టి అక్షరాలు లెక్కపెట్టకూడదు, అరకొర జ్ఞాపకం ఉన్న మామూలు మనిషి మొత్తంగా విన్నప్పుడు పొరబడతాడా అని చూడాలి. పొరబడతాడనే తేల్చింది. చాలా ఏళ్ళుగా నిజాయితీగా వాడుతున్నందుకు రెండోవారికి ఉత్తరప్రదేశ్ వరకే పరిమితం చేసి అనుమతించింది. మీలా కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి ఆ రాయితీ దొరకదు.

అందుకే వస్తువుతో సంబంధం లేని మాటో, కొత్తగా అల్లిన మాటో ఎంచుకోండి. ఆవడి జంట మొదట నాలుగు పేర్లు తెచ్చారు. రెండు వస్తువు గుణం చెప్పేవి, ఒకటి దేవుడి పేరు, ఒకటి పెద్ద కంపెనీ పేరుకి చుట్టం లాంటిది. నాలుగూ పక్కన పెట్టాం. చివరికి వాళ్ళ ఇద్దరి ఊళ్ళ పేర్లలోంచి రెండేసి అక్షరాలు తీసి కలిపిన పేరు కుదిరింది. దానికి అర్థం లేదు, అదే దాని బలం.

పేరు అనుకున్నాక `ipindia.gov.in` లో ట్రేడ్‌మార్క్ విభాగంలోని పబ్లిక్ సెర్చ్‌కి వెళ్ళండి. డబ్బులు కట్టక్కర్లేదు. ముందు `Wordmark` లో వెతకండి, తర్వాత తప్పకుండా `Phonetic` లో వెతకండి. మన పేర్లకి ఇంగ్లీషు స్పెల్లింగు పది రకాలు ఉంటుంది కాబట్టి మొదటి దానిలో దొరకనిది రెండో దానిలో దొరుకుతుంది. క్లాసు నంబరు అడుగుతుంది. సరుకులూ సేవలూ కలిపి మొత్తం 45 క్లాసులు. మిక్సీ, దాని భాగాలు 7లో వస్తాయి. కరెంటు లేని కుక్కర్లు, వంటపాత్రలు 21లో. గ్యాస్కెట్లు రబ్బరు సీళ్ళతో పాటు 17లో. ఈ మూడింటిలోనూ వెతకండి. వంటింటి సరుకు ఒకే కొట్టులో అమ్ముతారు కాబట్టి, పక్క క్లాసులో ఉన్న అదే పేరు కూడా మీకు అడ్డు రావచ్చు.

దొరికిన వాటి పక్కన స్థితి ఉంటుంది. `Registered` ఉంటే ఆ పేరు వదిలేయండి. `Objected` అంటే ఆఫీసు అభ్యంతరం చెప్పింది, దరఖాస్తు ఇంకా బతికే ఉంది, దాన్ని చచ్చినట్టు లెక్కేయకండి. `Abandoned` అని ఉన్నా సంతోషపడకముందు బజారులో ఆ పేరు ఇంకా నడుస్తుందేమో చూడండి. రిజిస్టర్ చేయకపోయినా మీకన్నా ముందు నుంచి వాడుతున్నవాళ్ళకి హక్కు ఉంటుంది. పబ్లిక్ సెర్చ్ అయ్యాక ఆన్‌లైన్ వేదికల్లో, చిక్‌పేట, అవెన్యూ రోడ్డు కొట్లలో ఒకసారి వెతకమని నేను చెప్పేది అందుకే.

ఫీజు వ్యక్తికి గానీ చిన్న సంస్థకి గానీ ఆన్‌లైన్‌లో ఒక క్లాసుకి 4,500 రూపాయలు, ఫారం పేరు `TM-A`. మీ సరుకులో జార్లే ఎక్కువైతే ముందు 7లో వేయండి. ఇప్పటికే ఆ పేరుతో అమ్ముతుంటే వాడకం మొదలైన తేదీ చెప్పి, అఫిడవిట్‌తో పాటు బిల్లులు పెట్టాలి. అమ్మకపోతే "ఇకముందు వాడబోతున్నాం" అని నిజమే రాయండి. తేదీ వెనక్కి జరిపి రాయించినవాళ్ళకి తర్వాత అదే ఉరి అయ్యింది. అభ్యంతరం వస్తే అందిన 30 రోజుల్లో జవాబివ్వాలి, గడువు దాటితే దరఖాస్తు పోతుంది. ట్రేడ్‌మార్క్ ఆఫీసు జర్నల్‌లో వేశాక నాలుగు నెలల పాటు ఎవరైనా వ్యతిరేకించవచ్చు. రిజిస్టర్ అయితే పదేళ్ళు, తర్వాత పొడిగించుకోవచ్చు. దరఖాస్తు వేసిన రోజు నుంచి పేరు పక్కన `TM` పెట్టుకోవచ్చు. గుండ్రంలో ఉండే `®` మాత్రం రిజిస్ట్రేషన్ వచ్చేదాకా పెట్టకండి, అది చట్టవిరుద్ధం.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న నోటీసులు. తీసేసిన సరుకునే కొత్త లిస్టింగ్‌గానో, ఇంట్లో వేరేవాళ్ళ ఖాతా నుంచో మళ్ళీ పెట్టకండి. ఆవడి వాళ్ళు నా దగ్గరికి రాకముందు ఆ పని చేశారు. జారు లిస్టింగ్ ఎనిమిది రోజుల్లో తిరిగొచ్చింది గానీ, ఆ రెండో ఖాతా మళ్ళీ తెరుచుకోలేదు. "తెలియక మీ కంపెనీ సరుకు అమ్మాను, క్షమించండి" అని భయంతో మెయిల్ కూడా రాయకండి. మీరు వాళ్ళ సరుకు అమ్మలేదు. ఆ వాక్యం రేపు మీకే ఎదురు తిరుగుతుంది.

నోటీసులో ఫిర్యాదు చేసినవాళ్ళ మెయిల్, ఫిర్యాదు రకం ఉంటాయి. జారు ట్రేడ్‌మార్క్ నోటీసుకి రెండు చోట్లా, అంటే ఫిర్యాదు చేసినవాళ్ళకీ వేదికకీ, ఒకే మాట రాయండి. ఈ సరుకు ఎవరిది, ఏ పేరుతో అమ్ముతున్నారు, కంపెనీ పేరు ఏ మోడల్‌కి సరిపోతుందో చెప్పడానికి మాత్రమే వాడుతున్నారు, దాన్ని సెక్షన్ 30(2)(డి) అనుమతిస్తుంది, పాత టైటిల్‌లో ఉన్న లోపాన్ని ఫలానా విధంగా సరిచేశారు. దీనికి సరిదిద్దిన లిస్టింగ్ కాపీ, జారు నాలుగు వైపుల ఫోటోలు, ప్యాకింగ్ ఫోటో, కొన్న బిల్లులు జతచేయండి. ఒక పేజీ దాటొద్దు. ఫిర్యాదు చేసినవాళ్ళు వెనక్కి తీసుకుంటే లిస్టింగ్ త్వరగా వస్తుంది, వేదిక సొంతంగా తేల్చాలంటే ఆలస్యమవుతుంది. గ్యాస్కెట్‌కి ఈ వాదన పెట్టకండి. కంపెనీ పేరు తీసేశామని, కొలతలతో మార్చామని రాస్తే చాలు.

ఫోటో నోటీసు తప్పుడుది అయ్యే సందర్భమూ ఉంది. నా క్లయింట్ సొంతంగా తీసిన ఫోటోనే ఇంకొక సెల్లర్ కాపీ కొట్టి, తిరిగి ఈయన మీదే ఫిర్యాదు పెట్టాడు. అసలు ఫైలు, తీసిన తేదీ, అదే రోజు తీసిన మిగతా ఫోటోలు పంపాక తేలిపోయింది. ఇలాంటి ఫిర్యాదు రాతపూర్వకంగా వచ్చాక 36 గంటల్లో వేదిక ఆ ఫోటో కనపడకుండా చేయాలని, ఫిర్యాదు చేసినవాళ్ళు 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తేకపోతే తిరిగి పెట్టవచ్చని కాపీరైట్ నిబంధనలు చెప్తున్నాయి. ఆ ఫోటో నిజంగా మీరు తీసిందే అయితే ఈ 21 రోజుల మాట ఎత్తండి.

లాయరు సంతకంతో పోస్టులో నోటీసు వచ్చినా, కోర్టు నుంచి కాగితం వచ్చినా సొంతంగా జవాబు రాయకండి, ఆ కాగితంతో లాయరు దగ్గరికి వెళ్ళండి. వేదిక పంపిన మెయిల్ వరకైతే పై పద్ధతిలో మీరే రాయగలరు. రాసే ముందు జారు తిరగేసి అడుగున ఏం ముద్రించి ఉందో చూసి, ఇక్కడ చెప్పండి. జవాబులో ఏ మాట ఉండాలో ఏది ఉండకూడదో దాన్ని బట్టి చెప్తాను.